పుర్రచేతి జాకెట్టు

ఆ రోజు మధ్యాహ్నం మూడుంబావుకి, ఫెన్సింగ్ క్లబ్బు సామాన్ల గదిలో కుట్టుపని చేసే అక్క, తను కుట్టిన జాకెట్టులో తనే ఇరుక్కుపోయింది. జిప్పు సగం దాకా బుద్ధిగా వెళ్ళింది. అక్కడ లోపలి అస్తరుగుడ్డ అంచు పట్టుకుంది. ఆ తర్వాత పైకీ వెళ్ళలేదు, కిందికీ రాలేదు.

జాకెట్టంటే చీర మీదికి తొడుక్కునేది కాదు. కత్తిమొన వచ్చి గుచ్చుకున్నా ఒంటికి తగలకుండా కాపాడే మందపాటి తెల్లటి కోటు. మెడ దాకా ఉంటుంది. పైకి జరిగిపోకుండా ఓ పట్టీ కాళ్ళ మధ్యనుంచి వచ్చి వెనకాల బిగుసుకుంటుంది. కనక తలమీంచి లాగేద్దామన్నా కుదరలేదు. ముందు ఫెన్సింగ్ మాస్టారు లాగారు. తర్వాత టెన్నిస్ నేర్పే మేడమ్ లాగింది. చిరిగిన వల బాగైందేమో చూసుకుందామని వచ్చిందావిడ. పై అంతస్తులోంచి బాక్సింగ్ మాస్టారు దిగొచ్చి, మీరంతా జరగండి, అని చేతులు రుద్దుకుని లాగారు. జిప్పు రాలేదు గాని అక్క కుర్చీతో సహా గది ఈ మూలనుంచి ఆ మూలకి వెళ్ళింది.

ఇంక కత్తిరించడమే మార్గమన్నారు. గదిలో ఉన్నది ఒకటే కత్తెర. అది ఎడమచేతి వాళ్ళకని తయారుచేసిన కత్తెర, అక్క సొంతం. దాన్ని కుడిచేత్తో పట్టుకుంటే రెండు అలుగులూ ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా దూరం జరుగుతాయి. గుడ్డ తెగదు, మడతపడి మధ్యలో కూరుకుపోతుంది. మాస్టారు అయిదు నిమిషాలు కత్తిరించి జాకెట్టుకి చక్కటి కుచ్చిళ్ళు పెట్టారు.

చివరికి ఈతకొలను దగ్గర టిక్కెట్లిచ్చే గుమాస్తా, చొక్కా గుండీ కుట్టించుకోవడానికి అటుగా వచ్చి, సంగతేమిటని అడక్కుండా కత్తెర ఎడమచేత్తో అందుకుని, పరపరా నాలుగు కోతల్లో అక్కని బయటికి తీశాడు. ఆయనదీ పుర్రచెయ్యేనని పదకొండేళ్ళుగా ఆ ఆటల ప్రాంగణంలో ఎవరూ గమనించలేదు. ఆయన కూడా చెప్పుకోవలసిన విషయంగా ఎప్పుడూ అనుకోలేదట.

అసలు నలభై ఆరేళ్ళ మనిషి, ఒక మోకాలు సరిగ్గా వంగని మనిషి, ఆ కోటు ఎందుకు తొడుక్కుందో చెప్పాలంటే ముందు మేనకోడలి సంగతి చెప్పాలి.

అక్క తమ్ముడికి ఏడాదికో ఊరు మారే ఉద్యోగం. అందుకని అతని కూతురు పదేళ్ళప్పట్నించీ మేనత్త దగ్గరే పెరిగింది. బడి అయ్యాక ఇంట్లో ఒక్కర్తీ ఎందుకని అక్క ఆ పిల్లని సామాన్ల గదికి తెచ్చి కూర్చోబెట్టేది. కూర్చోబెట్టిన పిల్ల కూర్చుంటుందా? వారం తిరక్కుండా హాల్లో కత్తి పట్టుకుని నిలబడింది. ఇప్పుడు పంతొమ్మిది నిండి ఇరవై వస్తున్నాయి. క్లబ్బులో ఆడపిల్లల్లో ఆమెని మించినవాళ్ళు లేరు. మొగపిల్లలు కూడా ఆమెతో ఆడి ఓడిపోయాక లేసు ఊడిందనో, మాస్కు వదులైందనో సాకులు చెప్పేవాళ్ళు.

అలాంటి పిల్ల మూడేళ్ళుగా ఒకే అమ్మాయి చేతిలో ఓడిపోతోంది. నది వంతెనకి అవతల ఇంకో క్లబ్బుంది. అందులో ఓ పొడుగమ్మాయి. ఎడమచేతి వాటం. ఏటా ఫైనల్లో వీళ్ళిద్దరే మిగులుతారు. మొదటి ఏడాది పదిహేను-ఆరు, రెండో ఏడాది పదిహేను-ఎనిమిది, మూడో ఏడాది పదిహేను-అయిదు. గెలిచిన ఒక్కరే పై పోటీలకి వెళ్తారు. ఇరవై దాటితే ఈ విభాగంలో ఆడనివ్వరు. అంటే మేనకోడలికి మిగిలింది ఈ ఒక్కసారే. ఇంకా ఆరువారాలుంది.

"నాకు దాని చెయ్యి కనబడదత్తా," అందా పిల్ల కిందటేడు మూడోసారి ఓడొచ్చిన రోజు, అన్నం కంచం ముందు కూర్చుని. "చూస్తూనే ఉంటాను, కనబడదు. కనబడేసరికి మొన నాకు తగిలేసిందని లైటు వెలిగిపోతుంది."

ఈ ఓటమి మీద ఆ ప్రాంగణంలో ఎవరి సిద్ధాంతం వాళ్ళకుంది. పుర్రచేతి వాళ్ళ మెదడు వేరుగా అల్లుకుని ఉంటుందనీ, వాళ్ళు పుట్టుకతోనే మెరుపుల్లాంటి వాళ్ళనీ ఫెన్సింగ్ మాస్టారి నమ్మకం. ఈ మాట ఆయన అంటున్నప్పుడు అక్క అక్కడే కూర్చుని సూదిలో దారం ఎక్కించలేక నాలుగోసారి అవస్థపడుతోంది. ఆయన అటు చూసి, అందరూ కాదనుకోండి, అన్నారు.

టెన్నిస్ మేడమ్ తన బాధ తను చెప్పుకుంది. ఎడమచేతి వాడు కోసి వేసిన సర్వీసు, కోర్టులో తన ఎడమపక్క గడిలోకి పడి, ఇంకా బయటికి తిరుగుతుందట. కుడిచేతివాటం మనిషి వెనకచేత్తో అందుకోవాలి, అదీ కోర్టు దాటి పరిగెత్తి. గేము తేలే పాయింట్లలో చాలావరకూ ఆ పక్కనుంచే ఆడతారు కనక, సరిగ్గా చెమటలు పట్టే వేళకే ఆ బంతి వస్తుందని ఆవిడ గోల. బాక్సింగ్ మాస్టారైతే లేచి నిలబడి చూపించారు. మామూలు వాడు ఎడమకాలు ముందుకు పెడతాడు, పుర్రచేతివాడు కుడికాలు. ఇద్దరి ముందుకాళ్ళూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ఎక్కడ అడుగెయ్యాలా అని మనవాడు కిందికి చూసేలోగా, చేతుల మధ్య సందులోంచి వాడి ఎడమచెయ్యి నేరుగా ముక్కుమీదికి వస్తుంది. ఆ మాట చెప్తూ ఆయన తన ముక్కు తడుముకున్నారు. అది ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుందని ముక్కు చూస్తే తెలుస్తుంది.

ఈతకొలను గుమాస్తా మాత్రం, మా దగ్గర ఈ గొడవ లేదండీ, అన్నాడు. నీళ్ళకి ఏ చెయ్యైనా ఒకటేనట. ఎవడి వరసలో వాడు ఈదుకుపోవడమే గాని ఎదురుగా వచ్చి పొడిచేవాడెవడూ ఉండడట.

నలుగురూ నవ్వారు. అక్క నవ్వలేదు. ఆ మాట చెవిలో పడి అక్కడే కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ హాలు తాళం తీయడానికి వెళ్ళేసరికి మాస్టారి దగ్గరి తాళంచెవి తెచ్చుకుని లోపల మేనకోడలు అప్పటికే ఉంది. నిలువుటద్దం ముందు మాస్కు పెట్టుకుని, కత్తి చాపి, ముందుకు దూకుతోంది. అద్దంలో పిల్లకి కత్తి ఎడమచేతిలో ఉంటుంది కదా, పుర్రచేతిదానితో ఆడినట్టే ఉంటుందని ఆమె ఉపాయం. అప్పటికే అద్దానికి మొన తగిలి రవ్వంత బీట కూడా పడింది. ఆ బీట మీద ఆ పిల్ల తెలివిగా అటెండెన్సు కాగితం ఒకటి అంటించింది.

అక్క కాసేపు చూసి, "అద్దం నువ్వు చేసిందే చేస్తుంది తల్లీ. నువ్వు అనుకోనిది అదెప్పుడు చేస్తుంది?" అంది.

"మరేం చెయ్యను? మన క్లబ్బులో ఎడమచేతి వాళ్ళెవరున్నారు?"

అత్త ఎడమచేత్తో పట్టుకున్న తాళంచెవుల గుత్తిని ఓసారి గట్టిగా ఆడించింది. ఆ పిల్ల ఆ చేతివంక చూసింది. చూసి, మాస్కు తీసేసింది.

ఇక్కడ అక్క గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. చిన్నప్పుడు బడిలో పంతులమ్మ స్కేలుతో వేళ్ళమీద కొట్టి కొట్టి రాత కుడిచేతికి మార్పించింది. కుట్టు నేర్పింది మాత్రం ఓ ముసలి దర్జీ. ఆయనకి చూపు తక్కువ, ఏ చేత్తో కుడుతోందో చూడలేదు, కుట్టు బావుందో లేదో వేలితో తడిమి చూసేవాడు. అందుకని అక్క రాత కోడి గెలికినట్టుంటుంది, కుట్టు అచ్చు వేసినట్టుంటుంది. ఇరవైనాలుగో ఏట ఈ క్లబ్బులో చేరింది. అప్పటి పెద్ద మాస్టారిది ఓ చాదస్తం. క్లబ్బులో పనిచేసేవాళ్ళు ఊడ్చేవాళ్ళైనా సరే కత్తి పట్టుకోవడం తెలియాలనేవారు. శనివారాలు జత తక్కువైతే అక్కని పిలిచి నిలబెట్టేవారు. అలా పదేళ్ళు ఆడింది. మోకాలు మొరాయించాక మానేసింది. పెద్ద మాస్టారు పోయారు. ఆ శనివారాల సంగతి ఎవరికీ గుర్తులేదు. కత్తుల మొనలో స్ప్రింగు సరిగా పనిచేస్తోందో లేదో బరువు పెట్టి చూడటం, తెగిన తీగలు అతకడం, జాకెట్లు కుట్టడం, పుర్రచేతి అక్క అంటే అదీ అని అందరి లెక్క.

అదుగో, ఆ మధ్యాహ్నమే కోటు తొడుక్కుని ఇరుక్కుపోవడం జరిగింది.

గుమాస్తా కత్తిరించి పడేసిన ముక్కలు చూస్తూ కూర్చుంటే అక్కకి ఓ సంగతి తట్టింది. కత్తి పట్టిన చేతివైపు జిప్పు ఉండకూడదు. మొన వచ్చి ఆ సందులో దూరితే ప్రమాదం. అందుకే జిప్పు ఎప్పుడూ రెండో పక్కనే కుడతారు. కుడిచేతి వాళ్ళకి ఎడమపక్క. ఇరవై రెండేళ్ళలో అక్క మూడొందల పైచిలుకు జాకెట్లు కుట్టింది. అన్నిటికీ జిప్పు ఎడమపక్కే. తన చేతికి సరిపోయేది ఒక్కటంటే ఒక్కటి కుట్టలేదు. పెద్ద మాస్టారి కాలంలో కూడా అరువు కోటుతోనే, జిప్పు మీద ఇంకో గుడ్డ పిన్నీసులతో బిగించుకుని ఆడింది. అప్పుడది వింతగా కూడా అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే తనమీద తనకే కాస్త కోపం, కాస్త నవ్వు వచ్చాయి.

రెండు రోజుల్లో కొత్త కోటు తయారైంది. జిప్పు కుడిపక్క. కత్తి పట్టే భుజంవైపు లోపల వేసుకునే అదనపు కవచం, అది ఎడమవైపుకి. ఆ క్లబ్బు పుట్టాక కుట్టిన మొదటి పుర్రచేతి జాకెట్టు అదే. అక్క దాన్ని తొడుక్కుని, జిప్పు ఒక్క ఊపున మెడదాకా లాగి, హాల్లోకి వచ్చింది. ఇంట్లో భర్తకి కూడా ముందే తొడుక్కుని చూపించింది. ఆయన బస్సుల మెకానిక్కు, తక్కువ మాటల మనిషి. చుట్టూ ఓసారి తిరిగి చూసి, బానే ఉంది, ఎటువైపు స్టార్టవుతుంది, అని అడిగాడట.

మొదటిరోజు అయిదు టచ్‌ల ఆట పెట్టారు మాస్టారు. మర్యాదకి ఒప్పుకున్నారే గాని ఆయన ముఖంలో, పాపం పెద్దావిడ, దెబ్బ తగలకుండా ఉంటే చాలన్న భావం కనిపిస్తూనే ఉంది. మేనకోడలే గెలిచింది, అయిదు-మూడు. కానీ ఆ మూడూ ఎలా పడ్డాయో చూసినవాళ్ళెవరూ నవ్వలేదు. అక్క ముందుకు పరిగెత్తలేదు, మోకాలు పరిగెత్తనివ్వదు. నిలబడ్డచోట నిలబడి చెయ్యి చాపింది. మూడుసార్లూ మొన వెళ్ళి మేనకోడలి కుడి మణికట్టుకి బయటివైపున, కత్తి పిడి దగ్గర చేతికి అడ్డుండే గిన్నె పక్కనుంచి, ఒకేచోట తగిలింది. మూడుసార్లూ ఆ పిల్ల కత్తి లోపలివైపుకి కొట్టుకుంది. అక్కడ ఎవరూ లేరు.

"అది తప్పు కాదు," అంది అక్క మాస్కు తీసి, ఆయాసపడుతూ. "తొమ్మిదేళ్ళుగా నీకు కత్తి ఆ పక్కనుంచే వచ్చింది. నీ చెయ్యి నిన్ను అడక్కుండా అటే వెళ్తుంది. నువ్వు కుడిచేతి వాళ్ళతో రోజుకి పదిమందితో ఆడతావు. నాలాంటిదాన్ని ఏడాదికోసారి చూస్తావు. ఆ పొడుగమ్మాయికి మాత్రం నీలాంటివాళ్ళే రోజుకి పదిమంది."

మాస్టారు కలగజేసుకుని, అదొక్కటే కాదు, కోణం కూడా తేడా కదా, అన్నారు. మణికట్టు బయటివైపు తెరుచుకుని ఉంటుంది.

"ఆ అమ్మాయి మణికట్టు కూడా అంతే తెరుచుకుని ఉంటుందండీ. కోణం ఇద్దరికీ ఒకటే. అలవాటు మాత్రం ఒకరికే ఉంది."

మాస్టారు చేతిలో ఉన్న కత్తి ఓసారి ఇటూ ఓసారి అటూ పట్టుకుని చూసుకున్నారు. తర్వాత మెదడు అల్లిక సిద్ధాంతం ఆయన నోట మళ్ళీ వినపడలేదు. ఇంకో సంగతి ఆయనే ఒప్పుకున్నారు. ఊళ్ళో పదిమందిలో ఒకరు పుర్రచేతివాళ్ళైతే, పై పోటీల్లో కత్తి పట్టేవాళ్ళలో అంతకు రెండింతలో మూడింతలో కనబడతారట. అరుదుగా ఉండటమే వాళ్ళ బలం అన్నమాట. రేపు సగానికి సగం వాళ్ళే అయిపోతే ఆ బలం ఎటుపోతుందో తెలీకుండా పోతుంది.

ఆ రోజునుంచి సాయంత్రం అయిదింటికి అక్క కుట్టుమిషను మూత పెట్టడం, కోటు తొడుక్కోవడం, అరగంట సేపు బరి చివర నిలబడి చెయ్యి చాపడం. మేనకోడలు కత్తి గిన్నెని రెండు వేళ్ళ మేర బయటికి జరిపి పట్టుకోవడం నేర్చుకుంది. మణికట్టు దాని వెనక దాక్కుంది. తర్వాత అక్కడే ఆగకుండా, అత్త మణికట్టు బయటివైపు కూడా ఖాళీగానే ఉందని కనిపెట్టింది. మొదటిసారి అక్కడ తగిలించిన రోజు అక్క ఆ చోట ఎర్రగా కందిపోతే, ఇంటికెళ్ళి భర్తకి ఆ మచ్చని వంకీ చూపించినట్టు తిప్పి తిప్పి చూపించింది.

రెండో వారానికి అయిదు టచ్‌ల ఆటలో అక్కకి రెండు దక్కాయి. మూడో వారానికి ఒకటి. నాలుగో వారానికి సున్నా. ఏ మనిషైనా రోజురోజుకీ ఓడిపోతుంటే డీలా పడాలి. అక్క రోజురోజుకీ గర్వంతో ఉబ్బిపోయింది. సున్నా వచ్చిన సాయంత్రం దారిలో కనపడినవాళ్ళందరికీ, మా పిల్ల నన్ను ఒక్కటి కూడా తగలనివ్వలేదు, అని చెప్పుకుంటూ ఇంటికెళ్ళింది. కూరలవాడికి కూడా చెప్పింది. ఆయన సానుభూతిగా రెండు టమాటాలు ఎక్కువ వేశాడు.

అయితే ఆ ఆనందం రెండు రోజులే. మూడోరోజు అక్కకి అనుమానం వచ్చింది. ఈ పిల్ల పుర్రచేతికి అలవాటుపడిందా, తనకి అలవాటుపడిందా? అక్క మెడ కాస్త వంచి చెయ్యి చాపుతుంది. చాపేముందు మోకాలు ఓసారి సవరించుకుంటుంది. ఆ మోకాలు కదిలిందంటే చాలు, మేనకోడలి కత్తి సిద్ధం. పొడుగమ్మాయికి మోకాలు నొప్పి లేదు కదా.

అప్పుడావిడ చేసిన పని ఆ ప్రాంగణంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పొద్దున్న ఎనిమిదింటికి గేటు దగ్గర ఉద్యోగులు సంతకం పెట్టే పుస్తకం ఉంటుంది. అక్క ఆ బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళందరి చేతులవంకా గుచ్చి గుచ్చి చూడటం మొదలుపెట్టింది. ఎంతోమంది గోళ్ళు చూసుకున్నారు. ఒక లెక్కల గుమాస్తా ఉంగరం జేబులో దాచుకున్నాడు. నలభైమంది సంతకాలు పెడితే పుర్రచెయ్యి నాలుగే తేలాయి. ఈతకొలను గుమాస్తా, టెన్నిస్ రాకెట్లకి తీగలు బిగించే కుర్రది, బాక్సింగ్ గదిలో చేతి తొడుగులు శుభ్రం చేసే పెద్దాయన, జీతాల విభాగం మేనేజరు. అక్క అయిదోది.

నలుగుర్నీ బతిమాలి, నలుగురికీ జిప్పు కుడిపక్క పెట్టి నాలుగు కోట్లు కుట్టింది. వాళ్ళకి కత్తి పట్టడం రాదు. రానక్కర్లేదు, ఆ పక్కనుంచి రావడమే కావాలి అంది. వారంపాటు ఒక్క అడుగూ, ఒక్క పోటూ నేర్పి నిలబెట్టింది. గుమాస్తా మొదటిరోజు తన కాలి బూటునే పొడుచుకుని, లైటు వెలిగిందని సంబరపడ్డాడు. బాక్సింగ్ పెద్దాయన ముందుకాలు ఎక్కడ పెడతాడో ఎవరికీ అంతుపట్టదు. తీగల పిల్ల రాకెట్టులా విసిరేది. మేనేజరుగారు పొడిచే ముందు, వస్తున్నా, అని మర్యాదగా చెప్పేవారు. ఆ అలవాటు మాన్పించడానికే మూడు రోజులు పట్టింది. కానీ నలుగురూ నాలుగు రకాలుగా, నాలుగు వేగాలతో వచ్చేవారు. ఎవరు ఎలా వస్తారో తెలీదు, ఎటునుంచి వస్తారో మాత్రం తెలుసు. మేనకోడలికి కావాల్సిందదే. మిగతా పిల్లలు కూడా వరసలో నిలబడ్డారు. పై అంతస్తు బాక్సింగ్ మాస్టారు తన పెద్దాయన్ని తనకి తిరిగి ఇచ్చెయ్యమనీ, తన కుర్రాళ్ళ ముందు కూడా నిలబెట్టాలనీ కబురు పెట్టారు. ఇన్నేళ్ళూ ఆయన తొడుగులు తుడుస్తుంటే చూశాను గాని ఏ చేత్తో తుడుస్తున్నాడో చూడలేదని వాపోయారట.

ఫైనలు నాటికి వంతెన అవతలి పెద్ద హాలు నిండిపోయింది. కత్తులు తనిఖీ చేయించే పని అక్కది కనక, ముందు వరసలోనే కుర్చీ దొరికింది. పక్కన ఓ నెమ్మదైన ఆవిడ కూర్చుంది.

పొడుగమ్మాయి మొదలుపెట్టగానే తన అలవాటు పోటు వేసింది, మణికట్టు బయటికి. తగిలింది. ఇంకోటీ అంతే. రెండు-సున్నా. హాలు వేరు, జనం వేరు, కంగారు వేరు. మేనకోడలు వెనక్కి నడిచి, బరి చివర ఒక్క క్షణం ఆగి, కత్తి గిన్నెని రెండు వేళ్ళు బయటికి జరిపింది.

మూడో పోటు వచ్చి గిన్నెకి తగిలి ఖణీమంది.

ఆ చప్పుడు విని పొడుగమ్మాయి తల కొంచెం పక్కకి వంగింది. మూడేళ్ళలో ఆ చప్పుడు ఆమె వినలేదు. మళ్ళీ వేసింది, మళ్ళీ గిన్నె. ఈసారి మేనకోడలి మొన ఆమె మణికట్టు బయటివైపున దిగింది. ఎర్రలైటు. కాసేపటికి నాలుగు-నాలుగు. ఆ తర్వాత తొమ్మిది-ఏడు, మేనకోడలికి. ఆ అమ్మాయి మామూలు ఆటగత్తె కాదు, ఒంటిమీద ఎక్కడ తగిలినా లెక్కే కనక, వెంటనే దారి మార్చి కాలివేళ్ళమీదికి, మోకాలిమీదికి వేసింది. పన్నెండు-పన్నెండు. ఇప్పుడిక అలవాటు ఎవరివైపూ లేదు. ఇద్దరు మంచి ఆటగాళ్ళు ఆడుతున్నారు, అంతే. పుర్రచెయ్యీ లేదు, మామూలు చెయ్యీ లేదు.

అక్క మాత్రం తనకు తెలీకుండానే పొడుగమ్మాయి వేసే ప్రతి పోటూ ముందే తన ఎడమ చూపుడువేలితో వేస్తోంది. ఆవిడ వేలు ఎటు వెళ్తే ఆ అమ్మాయి కత్తి అటు వెళ్తోంది. మేనకోడలికి పద్నాలుగు, ఆ అమ్మాయికి పదమూడు ఉండగా ఆ వేలు దూసుకెళ్ళి పక్కావిడ డొక్కలో దిగింది. ఆవిడ ఉలిక్కిపడింది. అక్క క్షమించమని అడిగితే, పర్లేదండీ, ఆ ఎడమచేత్తో ఆడుతున్నది మా అమ్మాయే, నాకూ అలాగే ఉంది, అందావిడ. ఎటు చూడాలో అక్కకి తోచలేదు. బరివైపే చూసింది.

పొడుగమ్మాయి మోకాలిమీదికి వేస్తున్నట్టు వంగి, మళ్ళీ మణికట్టుకే వచ్చింది. మేనకోడలు కంగారుపడలేదు. రానిచ్చింది. ఆ కత్తిని గిన్నెతో బయటికి నెట్టి, అదే ఊపులో చెయ్యి చాపి భుజం మీద తగిలించింది. ఒకటే లైటు, మేనకోడలిది. పదిహేను-పదమూడు.

క్లబ్బు వాళ్ళంతా బరి మీదికి పరిగెత్తారు. ఈతకొలను గుమాస్తా ఎవరికి చెయ్యి కలపాలో తెలీక రెండు చేతులూ చాపి తిరిగాడు. మేనకోడలు మాస్కు తీసి మొట్టమొదట పొడుగమ్మాయి చెయ్యి అందుకుంది. తర్వాత నేరుగా అత్త దగ్గరికి వచ్చి ఆవిడ ఎడమ అరచెయ్యి పట్టుకుని తన బుగ్గకి ఆనించుకుంది. చెమటకి ఆ చెయ్యి జారిపోతోంది. అయినా వదల్లేదు. అక్క రెండో చేత్తో ముక్కు తుడుచుకుని, జాకెట్టు భుజం దగ్గర కుట్టు విడిచింది చూడు, ఇంటికెళ్ళాక గుర్తుచెయ్యి, అంది.

జనం పలచబడ్డాక వంతెన అవతలి క్లబ్బు మాస్టారు అక్క దగ్గరికి వచ్చారు. మంచి మనిషే. కానీ ముఖం వాడిపోయి ఉంది. విషయమంతా అప్పటికే ఎవరో ఆయనకి చెప్పేశారు, సంతకాల పుస్తకంతో సహా. పన్నెండేళ్ళు ఆ అమ్మాయిని తయారుచేశాననీ, ఈ ఊళ్ళో ఆమె చేతికి ఎదురులేదనీ చెప్పి, అసలు ఫిర్యాదుకి వచ్చారు.

"మీరు చేసింది ఆటలో తప్పని అనను. కానీ బాగోలేదమ్మా. మా అమ్మాయికి దేవుడిచ్చిన ప్రత్యేకమైన చెయ్యి అది. ఆరువారాల్లో దాన్ని మీరు మామూలు చెయ్యి చేసేశారు."

అక్క ఆయనవంక జాలిగానే చూసి, ఎడమచేత్తో సంచీ భుజానికి తగిలించుకుంది.

"నాకు పుట్టినప్పట్నించీ అది మామూలు చెయ్యేనండీ."